మాటలో పూరించని చోటు

మాకు చదువు చెప్పిన ఆచార్యులవారి పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాస పరంపరలో మాట్లాడే గౌరవం నాకు దక్కింది. ఆయన జీవితమంతా తెలుగు క్రియారూపాలను వర్గీకరిస్తూ గడిపారు. కాబట్టి ఈ సాయంత్రం ఎత్తుకునే సిద్ధాంత చర్చను తెలుగు క్రియల దగ్గరికే తీసుకురావడం ఉచితమని భావించాను.

చర్చనీయాంశాన్ని మొదటే చెబుతాను. మాటను మనం పలికే రూపం ఒకటి, మనసులో దాచుకునే రూపం మరొకటి. ఆధునిక వర్ణశాస్త్రం ఈ రెండో దాన్ని అంతర్గత రూపం అంటుంది. పలికే రూపంలో ప్రతి ధ్వనికీ అన్ని లక్షణాలూ ఉండక తప్పదు. నాలుక ముందుకో వెనక్కో ఉండాలి, పెదవులు గుండ్రంగానో విప్పారో ఉండాలి. అంతర్గత రూపంలో మాత్రం కొన్ని లక్షణాలు ఖాళీగా ఉంటాయని, చుట్టుపక్కల ధ్వనులనుంచో భాషలోని సాధారణ నియమంనుంచో తర్వాత నిండుతాయని చెప్పే వాదాన్ని అండర్‌స్పెసిఫికేషన్ అంటారు. తెలుగులో అనిర్దిష్టత అందాం. ఎందుకు ఖాళీగా ఉంచాలి, ఏ ఆధారంతో ఉంచాలి అన్న ప్రశ్నకు గత శతాబ్దంలో జవాబు రెండుమూడు సార్లు మారింది. నేను ప్రతిపాదించేది ఇది: ఖాళీ అనేది వర్ణానికి చెందినది కాదు, ఫలానా మాటలోని ఫలానా స్థానానికి చెందినది. దానికి సాక్ష్యం పొదుపు కాదు, ఆ స్థానంలో ధ్వని మారడం.

మన దేశంలో ఈ ఆలోచనకు మూలం పాణిని అనుస్వార సూత్రాల్లో ఉంది. పదాంతంలోని మకారం హల్లు పరమైనప్పుడు అనుస్వారమవుతుంది. ఆ అనుస్వారం పక్కనున్న హల్లు స్థానాన్ని తాను పొందుతుంది. అనునాసికత మాత్రమే మిగిలి, స్థానమంటూ లేని ఒక మధ్యదశను పాణిని ఒప్పుకున్నాడు. తెలుగు లిపిలో సున్న చేసేది ఇంచుమించు ఇదే. పంకం, పంచ, పండు, పంతం, పంపు అన్న మాటల్లో మనం అయిదు వేర్వేరు అనునాసికాలను పలుకుతాం. రాయడానికి ఒక్క సున్న చాలు, ఎందుకంటే స్థానం పక్క అక్షరంలోనే ఉంది. అయితే ఒక తేడా గమనించాలి. పాణిని దగ్గర మకారం ముందు మకారమే. ‘సమాచారం’లో అచ్చు ముందు అది తన రూపంతోనే కనిపిస్తుంది. ‘సంకల్పం’, ‘సంతాపం’ వచ్చేసరికి తన స్థానాన్ని పోగొట్టుకుని మరొకటి పొందుతుంది. అంటే ఆ ఖాళీ ప్రక్రియ మధ్యలో ఏర్పడింది, మొదట్లో లేదు. ‘పండు’లోని అనునాసికమైతే ఎక్కడా ఇంకో రూపంలో కనిపించదు. దాన్ని ఖాళీ అనడానికి మన దగ్గర ఉన్న ఆధారం లిపి పొదుపు ఒక్కటే. ఈ తేడా అవసరం కాసేపట్లో వస్తుంది.

ఐరోపాలో ఈ సమస్యను స్పష్టంగా రూపుదిద్దినవాడు ప్రాగ్ సంప్రదాయానికి చెందిన నికొలాయ్ ట్రుబెట్స్‌కోయ్. ఆయన 1938లో మరణించాడు. వర్ణశాస్త్ర మూలసూత్రాల గ్రంథం మరుసటి ఏడాది అచ్చయింది. జర్మన్‌లో చక్రం అనే మాటా, సలహా అనే మాటా ఏకవచనంలో ఒకేలా, చివర టకారంతో పలుకుతారు. మాట చివర నాదానికీ శ్వాసానికీ భేదం చెరిగిపోవడమే దీనికి కారణం. భేదం చెరిగిన చోట వినిపించేది టకారమా డకారమా అని అడగడం తప్పని, అక్కడున్నది రెండింటికీ ఉమ్మడి లక్షణాలు మాత్రమే గల ఆర్కిఫోనీమ్ అని ట్రుబెట్స్‌కోయ్ అన్నాడు. ఇక్కడ ఖాళీ పుట్టింది భేదం లేకపోవడం వల్ల. పొదుపు ప్రసక్తి ఇంకా రాలేదు.

అది వచ్చింది అమెరికాలో. మోరిస్ హాలీ 1959లో రష్యన్ భాష ధ్వని నిర్మాణం మీద రాసిన పుస్తకంలో, ఊహించగలిగిన ప్రతి లక్షణాన్నీ నిఘంటువులోంచి తీసేయాలన్నాడు. సమాచార సిద్ధాంతం కొత్తగా వచ్చిన రోజులవి. మాటను వీలైనన్ని తక్కువ గుర్తులతో దాచుకోవడం మంచి వ్యాకరణానికి కొలతగా కనిపించింది. ఈ పద్ధతి మీద గట్టి దెబ్బ 1967లో ‘లాంగ్వేజ్’ పత్రికలో రిచర్డ్ స్టాన్లీ రాసిన వ్యాసం కొట్టింది. లక్షణానికి ఉండాల్సిన విలువలు రెండు: ఉంది, లేదు. ఖాళీని కూడా పెట్టి, నియమాలను దాని మీద నడవనిస్తే, అది తెలియకుండానే మూడో విలువ అవుతుంది. ఖాళీ ఉన్న ధ్వనికి నియమం వర్తించి, మిగతా రెండింటికి వర్తించకపోతే, ఖాళీ ఇక ఖాళీ కాదు, తనకంటూ ఒక విలువ ఉన్నదే. ఈ ఆక్షేపణకు అప్పట్లో సమాధానం దొరకలేదు. 1968లో చామ్‌స్కీ, హాలీ కలిసి ఇంగ్లీషు వర్ణశాస్త్రం మీద రాసిన మహాగ్రంథంలో, నియమాలు మొదలయ్యేలోపే ఖాళీలన్నీ నిండిపోయేలా ఏర్పాటు చేశారు.

ఖాళీ మళ్ళీ గౌరవం పొందింది 1980లలో. డయానా ఆర్చాంజెలి 1984లో ఎం.ఐ.టి.కి సమర్పించిన పరిశోధన కాలిఫోర్నియాలోని యావెల్మాని అనే ఆదివాసి భాష మీద. అక్కడ హల్లుల గుంపును విడగొట్టడానికి భాష తనంతట తాను చేర్చే అచ్చు ఇకారం. ఏ లక్షణమూ నిఘంటువులో రాయని అచ్చు కూడా చివరికి అలాగే పలుకుతుంది. భాషకు అచ్చు కావలసి వచ్చి, దాని గుణం ఏమిటో ఎవరూ చెప్పనప్పుడు బయటికి వచ్చేదే ఆ భాషలోని ఖాళీ అచ్చు అన్నది ఆమె వాదం. మూడేళ్ళకు, 1987లో, డోంకా స్టెరియాడె వేరే గీత గీసింది. ధ్వనుల మధ్య భేదం చూపని లక్షణాలే ఖాళీ కాగలవని, భేదం చూపే లక్షణానికి రెండు విలువలూ నిఘంటువులో ఉండి తీరాలని ఆమె అంది. పొదుపు వల్ల ఏ విలువ ఖాళీయో తేలదని అప్పటికి అందరూ గ్రహించారు. ఇకారానికి గుర్తు పెట్టి ఉకారాన్ని వదిలినా, ఉకారానికి పెట్టి ఇకారాన్ని వదిలినా ఆదా ఒక్కటే. వాటిలో ఏది ఖాళీయో చెప్పగలిగేది వాటి ప్రవర్తన మాత్రమే.

ఆ ప్రవర్తనను ఇప్పుడు తెలుగులో చూద్దాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు క్రియాధాతువుల మీద తమ గ్రంథం వెలువరించిన నాటినుంచి ఈ రంగంలో పనిచేసేవారికి సామగ్రి కొరత లేదు. ‘అడుగు’ అనే క్రియ తీసుకోండి. అడుగుతాడు, అడిగి, అడగక. మొదటి అచ్చు అకారం కదలదు. రెండో అచ్చు మూడు రూపాల్లో కనిపిస్తుంది. తర్వాత ఉకారముంటే ఉకారం, ఇకారముంటే ఇకారం, అకారముంటే అకారం. తిరుగు, తిరిగి, తిరగక. కదులు, కదిలి, కదలక. విసురు, విసిరి, విసరక. నడుపు, నడిపి, నడపక. వరస ఎంతైనా పెంచవచ్చు. ఇక్కడ రెండో స్థానంలో అచ్చు ఉందన్న సంగతి మాత్రమే ధాతువు చెబుతుంది, ఏ అచ్చో చెప్పదు.

మొదటి స్థానం అలా కాదు. గుడి, ముడి, పులి అన్న మాటల్లో ఉకారం తర్వాత ఇకారమున్నా అది ఇకారం కాలేదు. ‘తిరుగు’లో ఇకారం తర్వాత ఉకారమున్నా మొదటిది చెక్కుచెదరలేదు. ‘గుడి’లోని ఉకారమూ ‘అడుగు’లో రెండో అచ్చయిన ఉకారమూ చెవికి ఒకే వర్ణం. వ్యాకరణంలో మాత్రం మొదటిది తనదైన లక్షణాలు గలది, రెండోది ఏమీ లేనిది. వర్ణాల పట్టికలో ఉకారానికి ఒకే నిర్వచనం రాసుకుంటే ఈ తేడా చెప్పలేం.

పైపైన చూసేవారికి ఈ లెక్క తప్పినట్టు కనిపించే జంట ఒకటుంది: అడిగాడు, అడగాలి. రెండింట్లోనూ తర్వాతి అచ్చు ఆకారమే, కానీ మధ్య అచ్చు ఒకచోట ఇకారం, మరొకచోట అకారం. కారణం వాటి చరిత్రలో ఉంది. ‘అడిగాడు’ అనేది ‘అడిగినాడు’ కుదించుకుపోయిన రూపం. ఖాళీని ఇకారం నింపిన తర్వాతే ఆ ఇకారం జారిపోయింది. ‘అడగాలి’ అనేది ‘అడగ’ అనే తుమున్నర్థక రూపం మీద కట్టినది, అక్కడ నింపింది అకారం. నింపినవాడు వెళ్ళిపోయినా నింపింది మిగిలింది. ఖాళీని ఒప్పుకోని వ్యాకరణం ఈ రెండు రూపాలను విడివిడిగా కంఠస్థం చేయమని చెప్పాల్సి వస్తుంది.

ఇక నింపేవాళ్ళు ఎవరూ లేనప్పుడు ఏమవుతుంది? గ్రాంథిక భాష సమాధానం చెబుతుంది. అక్కడ ‘అడిగి’ ఉంది కానీ ‘అడగక’ లేదు, ‘అడుగక’ అనే ఉంటుంది. తిరుగక, కదులక. అంటే ఆ దశలో పక్క ఖాళీని నింపే శక్తి ఇకారానికే ఉంది, అకారానికి లేదు. ఎవరూ నింపకపోతే ఉకారం వచ్చేది. విభక్తి ప్రత్యయాల్లోనూ అదే కథ. పులికి, పులిని, చెట్టుకు, చెట్టును, అన్నకు, అన్నను. ఇకారం తర్వాత ఇకారం. ఉకారం తర్వాతే కాక అకారం తర్వాత కూడా ఉకారమే వచ్చింది. కోస్తా వాడుకలో చెట్టుకి, అన్నకి అనేవారున్నారు. వారి మాటలో ‘కి’ స్థిరపడిపోయింది, కాబట్టి వారి దగ్గర ఈ ప్రత్యయంలో ఖాళీ లేదు. ఒకే ప్రత్యయం ఒక మాండలికంలో ఖాళీతో, మరొక మాండలికంలో నిండుగా ఉండవచ్చునన్నది నేను చెప్పే ప్రతిపాదనకు అనుకూలమే.

ఉకారం తెలుగులో ఏమీ లేని అచ్చు అనడానికి ఇంకో రెండు దారుల్లో సాక్ష్యం వస్తుంది. బస్సు, కారు, రోడ్డు అని మనం హల్లుతో ముగిసే అరువు మాటలకు ఉకారం చేరుస్తాం. బెంచి, బ్రిడ్జి అన్నచోట ఇకారం వచ్చింది, ఎందుకంటే చకార జకారాలు తాలవ్యాలు, వాటికి ఇకారం సహజ బంధువు. నింపేవారు పక్కనుంటే ఇకారం, లేకపోతే ఉకారం అన్న నియమమే ఇక్కడా నడిచింది. రెండోది ప్రతి తెలుగు విద్యార్థికీ బడిలోనే తెలిసే విషయం. ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం, అత్వసంధి బహుళం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీన్ని సంధి వ్యవస్థగా నిలబెట్టాడు, కారణం చెప్పడం ఆయన పని కాదు. అచ్చు ఎదురైనప్పుడు తప్పక పోయేది ఉకారమొక్కటే ఎందుకయింది? పోవడానికి దానికి సొంతమైన గుణం ఏదీ లేదు గనుక అని ఈ దృష్టితో చెప్పవచ్చు. తేలిగ్గా వచ్చే అచ్చే తేలిగ్గా పోతుంది. ఆర్చాంజెలి యావెల్మానిలో ఇకారానికి ఇచ్చిన స్థానం తెలుగులో ఉకారానిది.

ఇంతవరకు వచ్చి ఆగితే, ‘తెలుగులో ఉకారం ఖాళీ’ అని ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. నామవాచకాల బహువచనాలు మనల్ని అలా ఆగనివ్వవు. మనిషి, మనుషులు. మధ్య అచ్చు ఏకవచనంలో ఇకారం, బహువచనంలో ఉకారం. బండి బండ్లు, వాకిలి వాకిళ్ళు అవుతున్నాయంటే, ‘లు’ ముందు మాట చివరి ఇకారం మారడం లేదు, పోతోంది అని నా అభిప్రాయం. హల్లులు కుదరని చోట ఆ ఖాళీలోకి మళ్ళీ ఉకారం వచ్చి కత్తులు, గదులు అవుతాయి. ‘మనిషి’లోనూ చివరి ఇకారం పోయింది. దానిమీద ఆధారపడ్డ మధ్య అచ్చుకు నింపేవారు లేక ఉకారం దక్కింది. ఇలా చూస్తే ఉకారం ఇకారాన్ని మార్చిందని చెప్పాల్సిన అవసరమే రాదు.

ఇప్పుడు ‘పరిధి’ చూడండి. బహువచనం పరిధులు. పరుధులు అని ఎవరూ అనరు. అతిథి, అతిథులు కూడా అంతే. ఇక్కడ మధ్య ఇకారం మాటకు సొంతం, ఎవరిదగ్గరా తీసుకున్నది కాదు. మరోపక్క ‘ఆహుతి’. తర్వాత ఇకారమున్నా మధ్య ఉకారం నిలిచే ఉంది. బహువచనం ఆహుతులు. ‘దుందుభి’, ‘దుందుభులు’ అలాంటిదే. అంటే ఇ, ఉ అన్న రెండు ధ్వనులే ఉన్నచోట మాటలు మాత్రం మూడు రకాలుగా ప్రవర్తిస్తున్నాయి. ఎప్పుడూ ఇకారంగా ఉండేవి, ఎప్పుడూ ఉకారంగా ఉండేవి, పరిసరాన్నిబట్టి మారేవి.

సంస్కృత సమాలకు ఈ నియమం వర్తించదు, అంతే కదా అని ఆక్షేపించవచ్చు. కానీ ‘మనిషి’ కూడా ‘మనుష్య’ శబ్దంనుంచి వచ్చినదే. మూలంలో ఉకారం ఉంది, తెలుగు నోటిలో నలిగి ఆ స్థానం తన గుణాన్ని పోగొట్టుకుంది. పైగా, మినహాయింపు పెట్టినా పని తీరదు. మనిషి అనే మాటకు అంతర్గతంగా ఇకారం రాస్తే, అది ఉకారం కావడానికి ఒక నియమం, పరిధికి ఆ నియమంనుంచి మినహాయింపు కావాలి. ఉకారం రాస్తే, అది ఇకారం కావడానికి నియమం, ఆహుతికి మినహాయింపు కావాలి. ఎటు చూసినా మాటల మీద నియమ నిషేధపు ముద్రలు వేస్తూ పోవాలి. బదులుగా పరిధికి ఇకార లక్షణాన్ని, ఆహుతికి ఉకార లక్షణాన్ని రాసి, మనిషి స్థానాన్ని ఖాళీగా వదిలితే ముద్రల అవసరం లేదు. నియమం ఖాళీని మాత్రమే నింపుతుంది, ఉన్నదాన్ని చెరపదు. అందుకే ‘నడిపించక’లో ‘ఇంచు’ లోని ఇకారం, తర్వాత అకారమున్నా అలాగే ఉంది. తనకున్న గుణాన్ని ముందున్న ఖాళీకి ఇచ్చింది గానీ, ఎవరినుంచీ తీసుకోలేదు.

ఇదే తర్కాన్ని షారన్ ఇంకెలస్, ఓర్హాన్ ఓర్గున్ 1995లో టర్కిష్ హల్లుల మీద నిలబెట్టారు. టర్కిష్ అచ్చులను మన లిపిలో సరిగ్గా చూపలేం, స్థూలంగా రాస్తాను. రెక్కకు కనత్, ప్రత్యయం చేరితే కనదు. కళకు సనత్, ప్రత్యయంతో సనతు. సంగీతంలో అభ్యాస రచనను ఎత్యూద్ అంటారు, ప్రత్యయంతో ఎత్యూదు. మారేదొకటి, ఎప్పుడూ శ్వాసంగా ఉండేదొకటి, ఎప్పుడూ నాదంగా ఉండేదొకటి. మారే తకారానికి నాద లక్షణం ఖాళీ, మిగతా రెంటికీ చెరొక విలువ. స్టాన్లీ భయపడ్డ మూడో విలువ ఇక్కడ నిజంగానే ఉంది. దాన్ని తప్పించుకోవడానికి పాతవారు పడ్డ శ్రమకు బదులుగా, భాషకు మూడు కావాలంటే మూడు ఉండనివ్వండి అన్నది ఇంకెలస్ వాదన. అయితే ఆ మూడోదాన్ని రుజువు చేయాల్సింది ప్రత్యామ్నాయ రూపాలు. పిల్లవాడు మాట ఎప్పుడూ ఒకేలా వింటే విన్నదాన్ని విన్నట్టే దాచుకుంటాడు. ఒక స్థానం రెండు విధాలుగా పలకడం విని, ఆ మార్పు ఊహించదగినదైతే, అప్పుడే అక్కడ ఖాళీ పెడతాడు.

ఈ ప్రమాణంతో చూస్తే మొదట చెప్పిన సున్న సంగతి తేలుతుంది. ‘పండు’లోని ణకారం ఎక్కడా మరో స్థానానికి మారదు. దాన్ని సున్నతో రాయడం లిపి సౌకర్యం, నిఘంటువులో ఖాళీ ఉందనడానికి రుజువు కాదు. ‘అడుగు’లోని రెండో అచ్చు ఖాళీ, ఎందుకంటే అది మన కళ్ళముందే మూడు వేషాలు వేస్తోంది. ఆర్చాంజెలి పద్ధతి ఉకారాన్ని భాషంతటా ఖాళీ చేస్తే ‘ఆహుతి’ దాన్ని అడ్డుకుంటుంది. స్టెరియాడె పద్ధతి ఇ, ఉల భేదం కోసం రెండింటికీ గుర్తులు పెట్టమంటే ‘అడుగు’ అడ్డుకుంటుంది. ఇద్దరూ భాష మొత్తానికి ఒకే జవాబు వెతికారు. జవాబు మాట మాటకూ, మాటలోని స్థానస్థానానికీ వేరు. ఆర్చాంజెలి చెప్పినదాంట్లో నిలిచేది, ఎవరూ నింపని ఖాళీ ఏ ధ్వనిగా బయటపడుతుంది అన్న భాగం. దానికి భాష మొత్తానికి ఒకే జవాబు ఉంది, తెలుగులో అది ఉకారం.

ఒక చిక్కు మాత్రం ఈ పద్ధతికి లొంగలేదు. గ్రాంథికంలో నింపే శక్తి లేని అకారానికి ఆధునిక భాషలో ఆ శక్తి వచ్చింది. అడుగక పోయి అడగక వచ్చింది. లక్షణం ఉన్నంత మాత్రాన అది పక్కకు పాకాలన్న నిబంధన లేదు, కాబట్టి ఇంతవరకు ఇబ్బంది లేదు. పాకే అకారం మాత్రం వెనక్కి, అంటే ధాతువు వైపే పాకుతుంది, ముందుకు పాకదు. ‘అన్న’కు ‘కు’ విభక్తి చేరితే ‘అన్నక’ కాలేదు, ‘అన్నకు’ అనే ఉంది. ఇకారమైతే రెండు వైపులా పాకుతుంది. వెనక్కి ‘అడిగి’, ముందుకు ‘పులికి’. ప్రత్యయంలోని ఖాళీ, ధాతువులోని ఖాళీ రెండూ ఖాళీలే అయినప్పుడు, ఒకటి అకారాన్ని తీసుకుని మరొకటి తీసుకోకపోవడానికి కారణం ఖాళీలో లేదు, నియమం నడిచే దిక్కులో ఉంది. ఎవరు పుచ్చుకుంటారో అనిర్దిష్టత చెబుతుంది. ఎటునుంచి పుచ్చుకుంటారో నియమంలో విడిగా రాయాలి. ‘అడుగక’నుంచి ‘అడగక’కు మారిన క్రమాన్ని శాసనాల్లో, తాళపత్రాల్లో, మాండలికాల్లో క్రియ క్రియకూ గుర్తించి చూస్తే, అకారం ఆ ఒక్క దిక్కునే ఎందుకు ఎంచుకుందో చెప్పే ఆధారం దొరకవచ్చు. ఆచార్యులవారు వర్గీకరించి పెట్టిన క్రియారూపాల పట్టికలు ఆ పనికి మొదటి సామగ్రి.